ఆగిన పెన్షన్ ఎక్కడ ఆగిందో బ్యాంకులోనే కనిపెట్టడం ఎలా: రాయగడ టీచరమ్మగారి కేసుతో సహా

పెన్షన్ పడకపోతే మనవాళ్లు బ్యాంకుకు వెళ్లి ముందుగా అడిగేది "ఎప్పుడు పడుతుంది?" అని. కౌంటర్లో కూర్చున్న మనిషికి నిజంగా ఆ సంగతి తెలియదు. అందుకే "రెండ్రోజులు చూడండి" అని పంపించేస్తాడు. రెండ్రోజులు పోయాక వెళ్తే ఆ సీట్లో ఇంకొకరు ఉంటారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. అడగాల్సింది "ఎక్కడ ఆగింది?" అని. దానికి జవాబు కంప్యూటర్లో ఉంటుంది, చూసి చెప్పగలరు.

ఆగడానికి చోట్లు మూడే. డబ్బు పంపే దగ్గరే ఆపేసి ఉండొచ్చు. పంపాక దారిలో వెనక్కి తిరిగి ఉండొచ్చు. లేదా మన ఖాతాయే దాన్ని పుచ్చుకోకుండా ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే.

ఇది ఒడిశాలో మా రాయగడలో ఉంటున్న ఒక రిటైర్డ్ టీచరమ్మగారి కేసు. ఆవిడ విశాఖపట్నంలో రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్తది కూడా రైల్వే ఉద్యోగమే. ఆయన చివరి పోస్టింగు రాయగడ కావడంతో ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక ఆవిడకు సొంత సర్వీసు పెన్షన్‌తో పాటు ఫ్యామిలీ పెన్షన్ కూడా వస్తోంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, కేసంతా దాని చుట్టూనే తిరిగింది. నేను బ్యాంకులో క్లర్కుగా పనిచేసి దిగినవాణ్ణి, వాళ్ల వెనక వీధిలోనే ఉంటాను. అందుకని కాగితాల సంచీతో మా ఇంటికొచ్చారు.

ముందు పాస్‌బుక్ అచ్చు వేయించండి

ఏటీఎంలో బ్యాలెన్స్ చూసి "పెన్షన్ పడలేదు" అనుకోవద్దు. బ్యాలెన్స్ ఒక్క అంకె, దాన్నిబట్టి ఏమీ తెలియదు. ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసుకోండి, లేదా పాస్‌బుక్ పూర్తిగా అచ్చు వేయించండి. ప్రతి నెలా పెన్షన్ వరుస కింద పెన్సిల్‌తో గీత గీయండి.

రైల్వే, కేంద్ర ప్రభుత్వ పెన్షన్లు నెలలో ఆఖరి పనిదినాన పడతాయి. మార్చి నెలది మాత్రం ఏప్రిల్ మొదటి పనిదినాన పడుతుంది. ఇది తెలియక ఏటా మార్చి 31న కంగారుపడి బ్యాంకుకు పరిగెత్తేవాళ్లు ఉంటారు.

గీతలు గీశాక మూడు రకాల్లో ఏదో ఒకటి కనబడుతుంది. ఆ నెల పెన్షన్ వరుసే ఉండదు. లేదా వరుస ఉంటుంది గానీ మొత్తం తగ్గి ఉంటుంది. లేదా డబ్బు పడి, ఆ తర్వాత బ్యాంకే వెనక్కి తీసుకున్నట్టు ఒక డెబిట్ ఉంటుంది. మొదటిదానికీ మూడోదానికీ కారణాలు వేరు, వెతికే దారీ వేరు.

టీచరమ్మగారి మాట ఏమిటంటే, "పెన్షన్ తగ్గిపోయింది బాబూ, పన్ను కోసేశారేమో" అని. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో బ్యాంకులు టీడీఎస్ గట్టిగానే కోస్తాయి. ఆవిడ చూసింది డిసెంబరు ఆఖరున పడిన డబ్బు.

పాస్‌బుక్ నా ముందు పెట్టారు. నవంబరు ఆఖరి రోజున ఒకదాని కింద ఒకటి రెండు వరుసలున్నాయి: 36,840 రూపాయలు, 21,575 రూపాయలు. రెండింటి పక్కనా ఒకే రకం మాట అచ్చయింది, ఏది సర్వీసు పెన్షనో ఏది ఫ్యామిలీ పెన్షనో తేడా తెలియదు. డిసెంబరుకు ఒక్కటే వరుస ఉంది, 21,575. పన్ను కోత వల్ల తగ్గితే ఏదో కొత్త అంకె రావాలి. కిందటి నెల రెండో వరుస ఎంతో పైసాతో సహా అంతే మిగిలిందంటే అది కోత కాదు. రెండు పెన్షన్లలో ఒకటి పూర్తిగా ఆగిపోయిందన్నమాట. ఏది ఆగిందో బ్యాంకులోనే తేలాలి.

రెండు పెన్షన్లు ఒకే ఖాతాలో పడేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఏదో ఒక డబ్బు పడుతూనే ఉంటుంది కనుక ఆగిందన్న అనుమానమే రాదు. నెలలు గడిచిపోతాయి.

బ్రాంచి పెన్షన్ ఇవ్వదు

ఇది చాలామందికి తెలియని సంగతి. బ్యాంకు ద్వారా వచ్చే పెన్షన్‌ను లెక్కకట్టి ఖాతాలో వేసేది మన ఊరి బ్రాంచి కాదు. ప్రతి బ్యాంకుకూ సీపీపీసీ అని ఒక కేంద్రం ఉంటుంది, అంటే సెంట్రలైజ్డ్ పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్. వేల మంది పీపీఓలు, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వులు, అక్కడి కంప్యూటర్లో ఉంటాయి. నెలాఖరుకు అక్కడి నుంచే జమ అవుతుంది. బ్రాంచి వాళ్లు చేయగలిగేది ఆ కంప్యూటర్లో మన పీపీఓ స్టేటస్ చూసి చెప్పడం, మన కాగితాలు అక్కడికి ఎక్కించడం.

కాబట్టి "మా పెన్షన్ ఇవ్వండి" అంటే వాళ్లు చేతులెత్తేస్తారు. "ఈ పీపీఓ స్టేటస్ చూసి చెప్పండి" అంటే చూస్తారు. అడగాల్సినవి ఇవి: పీపీఓ నడుస్తోందా, ఆపి ఉందా? ఆపి ఉంటే కారణం అని ఏముంది? లైఫ్ సర్టిఫికెట్ ఆఖరుసారి ఏ తేదీతో నమోదైంది? పోయిన నెల జమ పంపి, అది తిరిగి వచ్చినట్టు ఏమైనా ఉందా?

మా వైపు బ్రాంచిల్లో ఆఫీసర్లు తరచూ భువనేశ్వర్ అవతల నుంచో బీహార్ నుంచో బదిలీ మీద వస్తుంటారు. టీచరమ్మగారికి బజారు ఒడియా బాగా వచ్చు గానీ, బ్యాంకు మాటలు చెప్పాలంటే తడబడతారు. అందుకని ఈ ప్రశ్నలు ఒక తెల్ల కాగితం మీద ఇంగ్లీషులో రాసి, పైన రెండు పీపీఓ నంబర్లూ విడివిడిగా వేసి ఇచ్చాను. కాగితం చేతికిస్తే ఏ భాషవాడైనా నంబరు కొట్టి చూస్తాడు. నోటితో చెబితే ఖాతా నంబరు కొట్టి, "ఖాతా బాగానే ఉంది కదమ్మా" అని పంపించేస్తాడు. ఆవిడను అంతకుముందు అలాగే పంపించారు కూడా.

కాగితం తీసుకుని వెళ్లాక జవాబు వచ్చింది. ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ నడుస్తోంది, లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో నమోదైంది. సర్వీసు పెన్షన్ పీపీఓ ఆగి ఉంది, కారణం లైఫ్ సర్టిఫికెట్ అందలేదు. అంటే డబ్బు అసలు బయలుదేరనే లేదు.

ఖాతా డబ్బు పుచ్చుకుంటోందా

టీచరమ్మగారికి ఈ పరీక్ష అక్కర్లేకపోయింది, ఫ్యామిలీ పెన్షన్ అదే ఖాతాలో పడింది కనుక. ఒకే పెన్షన్ ఉన్నవాళ్లు మాత్రం ఇది చేయాలి. కొడుకునో కూతుర్నో ఫోన్ నుంచి ఆ ఖాతా నంబరుకు, ఐఎఫ్ఎస్‌సీ వేసి, పది రూపాయలు పంపమనండి. పడితే ఖాతా తెరిచే ఉంది, గొడవ పైన ఎక్కడో ఉంది. వెనక్కి పోతే గొడవ ఖాతాలోనే.

ఖాతా మూసుకుపోవడానికి మామూలు కారణం కేవైసీ. ఆధార్, పాన్ కాగితాలు ఎప్పుడో ఇచ్చినవి పాతబడితే బ్యాంకు ముందు నోటీసు పంపి, తర్వాత ఖాతా బిగిస్తుంది. ఆ బిగింపులో రెండు రకాలున్నాయి. తీయడం ఒక్కటే ఆపితే పెన్షన్ పడుతుంది గానీ ఏటీఎంలో రాదు. రెండు వైపులా ఆపితే పెన్షన్ కూడా పడదు. ఏ రకమో అడిగి తెలుసుకోండి. రెండింటికీ మందు కొత్త కేవైసీ కాగితాలే.

లైఫ్ సర్టిఫికెట్ ఏ పీపీఓకి వెళ్లింది

ఇప్పుడు అసలు చోటుకి వచ్చాం. కేంద్ర పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. ఇవ్వకపోతే ఆ తర్వాతి పెన్షన్ ఆగుతుంది, ఇచ్చాక బకాయితో సహా వస్తుంది.

టీచరమ్మగారు "ఇచ్చాను" అని ఖచ్చితంగా చెప్పారు. అబద్ధం కాదు. నవంబరులో మీసేవ లాంటి ఒక సర్వీస్ సెంటర్‌కు వెళ్లి డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, అంటే జీవన్ ప్రమాణ్ చేయించుకున్నారు. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టుకున్న వేళ్లు, వేలిముద్ర పడలేదు. ఆ కుర్రాడు ఫోన్‌తో ముఖం ఫొటో తీసి చేసిపెట్టాడు. ఫోన్‌కు ప్రమాణ్ ఐడీ మెసేజ్ వచ్చింది. ఆవిడ ఆ మెసేజ్ జాగ్రత్తగా దాచుకున్నారు కూడా.

ఇక్కడ రెండు సంగతులు తెలియాలి. ప్రమాణ్ ఐడీ వచ్చిందంటే సర్టిఫికెట్ తయారైందని మాత్రమే. పెన్షన్ ఇచ్చే బ్యాంకు దాన్ని ఒప్పుకుందని కాదు. అందులోని పీపీఓ నంబరు గానీ, ఖాతా నంబరు గానీ, పెన్షన్ ఇచ్చే సంస్థ పేరు గానీ తమ దగ్గరున్నదానితో కలవకపోతే వాళ్లు తిప్పి కొట్టొచ్చు. రెండోది, ఒక సర్టిఫికెట్ ఒక పీపీఓకే. మనిషి ఒక్కరే, ఆధార్ ఒక్కటే, ముఖం ఒక్కటే అయినా రెండు పెన్షన్లుంటే రెండుసార్లు చేయించాలి.

సరిచూసుకోవడం కష్టం కాదు. jeevanpramaan.gov.in తెరిచి, ప్రమాణ్ ఐడీ వేసి, ఫోన్‌కొచ్చే ఓటీపీ ఇస్తే సర్టిఫికెట్ కనబడుతుంది. అందులో పీపీఓ నంబరు, పెన్షన్ రకం, ఇచ్చే సంస్థ, ఖాతా నంబరు ఉంటాయి. పీపీఓ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె చదువుకోండి.

మేం తెరిచాం. రకం దగ్గర ఫ్యామిలీ పెన్షన్ అని ఉంది, పీపీఓ నంబరు ఆయనది. అడిగితే విషయం బయటపడింది. సంచీలో రెండు పీపీఓలున్నాయి, ఆ కుర్రాడు పైనున్నది తీసి నింపాడు. "రెండోది కూడా ఉంది బాబూ" అని ఆవిడ అంటే, "ఆధార్ ఒకటే కదమ్మా, రెండిటికీ అదే పనిచేస్తుంది" అన్నాడట. వాడిని అని లాభం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు.

అంతకు ముందు సంవత్సరాల్లో ఈ చిక్కు ఎందుకు రాలేదంటే, అప్పుడు ఆవిడ స్వయంగా బ్రాంచికి వెళ్లి కాగితం మీద సంతకం పెట్టేవారు. అక్కడి పాత క్లర్కుకు ఆవిడకు రెండు పెన్షన్లని తెలుసు, రెండు ఫారాలు నింపించేవాడు.

కాగితం ఇచ్చి రసీదు పట్టుకోండి

ఆగిపోయాక మళ్లీ డిజిటల్ దారిలో వెళ్లొచ్చు గానీ, నా సలహా కాగితం దారే. మనిషి ఎదురుగా ఉండి, పీపీఓ నంబరు వాళ్ల చేత కంప్యూటర్లో కొట్టించి, నమోదైనట్టు చూసుకుని రావచ్చు. ఇదే బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా ఇవ్వొచ్చు. పెన్షన్ ఖాతా విశాఖలో ఉన్నా రాయగడలో ఇస్తే తీసుకోవాలి. "మీ సొంత బ్రాంచికి వెళ్లండి" అంటే ఒప్పుకోవద్దు.

పీపీఓ, ఆధార్, పాస్‌బుక్ పట్టుకెళ్లండి. ఫారంలో పీపీఓ నంబరు గడి ఖాళీగా వదలొద్దు, "ఖాతా నంబరుంటే చాలు" అన్నా సరే. ఇచ్చాక సంతకం, తేదీ ఉన్న రసీదు అడగండి. లైఫ్ సర్టిఫికెట్‌కు రసీదు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. అడిగితే మొహం చిట్లిస్తారు, అయినా ఇస్తారు. ఆ రసీదు లేకపోతే రేపు "మీరు ఇవ్వలేదు" అంటే మన దగ్గర మాట తప్ప ఏమీ ఉండదు.

కదల్లేని వాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి డిజిటల్ సర్టిఫికెట్ చేసే సేవ ఉంది, 70 రూపాయలు తీసుకుంటారు. అతనికీ రెండు పీపీఓలూ చూపించడం మరవొద్దు.

టీచరమ్మగారు సర్వీసు పెన్షన్ పీపీఓ మీద ఫారం ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. దాంతోపాటు బ్రాంచి మేనేజరు పేర చిన్న ఉత్తరం కూడా ఇప్పించాను: ఫలానా పీపీఓ మీద డిసెంబరు పెన్షన్ పడలేదు, లైఫ్ సర్టిఫికెట్ ఫలానా తేదీన ఇచ్చాను, సీపీపీసీకి పంపి ఆపుదల తీయించి బకాయి జమ చేయించండి. నాలుగు వాక్యాలు చాలు. మన సర్వీసు, వయసు, బాధ ఇవన్నీ రాస్తే అసలు నంబర్లు వాటిలో మునిగిపోతాయి. నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నాం.

ఈలోగా ఆవిడకు ఎవడో ఫోన్ చేసి "లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, లింకు నొక్కండి" అన్నాడు. నవంబరు నుంచి జనవరి దాకా వీళ్లకు సీజను. బ్యాంకు ఫోన్ చేసి లైఫ్ సర్టిఫికెట్ తీసుకోదు. లింకు నొక్కొద్దు, ఓటీపీ చెప్పొద్దు.

ట్రెజరీ ద్వారా తీసుకునేవాళ్లయితే

రాష్ట్ర ప్రభుత్వ స్కూళ్లలో చేసి ట్రెజరీ ద్వారా పెన్షన్ తీసుకునేవాళ్లకు బ్యాంకు అంటే డబ్బు దిగే చోటు మాత్రమే. లైఫ్ సర్టిఫికెట్ బ్యాంకుకు ఇచ్చి కూర్చుంటే పని కాదు, ట్రెజరీలో నమోదు కావాలి. ఆంధ్రాలో రిటైరై ఒడిశా వైపు ఉంటున్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి: అక్కడి వార్షిక ధ్రువీకరణ జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీసుకుంటారు. పక్కింటి రైల్వే పెన్షనరును చూసి నవంబరులో ఇచ్చేశాం అనుకుంటే చిక్కే.

వీళ్లు ట్రెజరీలో అడగాల్సింది ఒక్కటే: ఈ నెల నా పెన్షన్ పంపారా? పంపితే దాని యూటీఆర్ నంబరు ఇవ్వండి. బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్లే ప్రతి జమకూ ఆ నంబరు ఉంటుంది. దాన్ని మన బ్యాంకులో చూపిస్తే డబ్బు వచ్చిందా, తిరిగి వెళ్లిందా, తిరిగి వెళితే ఎందుకో చెప్పగలరు. బ్యాంకులు విలీనమైనప్పుడు ఐఎఫ్ఎస్‌సీలు మారాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఒడిశాలోని గ్రామీణ బ్యాంకులు రెండూ 2025 మే 1న ఒకటయ్యాయి. అలాంటి ఖాతా ఉన్నవాళ్లు ట్రెజరీ రికార్డులో పాత ఐఎఫ్ఎస్‌సీ మిగిలిపోయిందేమో ఒకసారి చూపించుకోవాలి.

బ్రాంచి పలక్కపోతే

ముద్ర వేయించుకున్న ఉత్తరం నకలుతో బ్యాంకు పై అధికారులకు, అంటే బ్యాంకు వెబ్‌సైట్లో ఉండే ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఫిర్యాదు నంబరు వస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి వెళితే ఫిర్యాదు తీసుకోరు, అందుకే ఆ నకలు, ఆ రసీదు.

ఇంకొకటి. బ్యాంకు తప్పు వల్ల పెన్షన్ ఆలస్యమైతే ఏడాదికి 8 శాతం చొప్పున పరిహారం, పెన్షనరు అడగకపోయినా, బ్యాంకే జమ చేయాలని రిజర్వ్ బ్యాంకు నియమం. టీచరమ్మగారు దాని గురించి అడిగారు. ఆవిడ విషయంలో సర్టిఫికెట్ ఆ పీపీఓకి అందలేదు కనుక అది బ్యాంకు ఆలస్యం కిందకు రాదని చెప్పాను. నవంబరులో కాగితం ఇచ్చి, రసీదు చేతిలో ఉండి, బ్యాంకే నమోదు చేయకుండా వదిలేసి ఉంటే మాత్రం ఆ పరిహారం గట్టిగా అడగొచ్చు.

బకాయి పడ్డాక లెక్క చూసుకోండి

జనవరి ఆఖరున పాస్‌బుక్‌లో మూడు వరుసలు పడ్డాయి. 21,575 ఫ్యామిలీ పెన్షన్. 36,840 జనవరి సర్వీసు పెన్షన్. ఇంకో 36,840 డిసెంబరు బకాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, మార్కుల లిస్టు సరిచూసినట్టు ఒక్కొక్కటీ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నారు.

మీ బకాయి ఇలా తేలిగ్గా కలవకపోతే రెండు కారణాలు చూడండి: మధ్యలో డీఏ మారిందా, టీడీఎస్ కోశారా. ఎంత వేసి ఎంత కోశారో పెన్షన్ స్లిప్‌లో విడివిడిగా ఉంటుంది. దాన్ని బ్యాంకు పెన్షన్ పోర్టల్లో గానీ, బ్రాంచిలో అడిగి గానీ తీసుకోవచ్చు. ఆవిడ ఇప్పుడు రెండు పీపీఓల అట్టల మీదా లావు అక్షరాలతో "సొంతది", "ఆయనది" అని రాసుకుని, వచ్చే నవంబరులో ఏ సర్టిఫికెట్ ఏ తేదీన ఇచ్చిందీ రాసుకోవడానికి లోపల ఒక కాగితం అంటించారు.